రోకలి పోటును ఫ్రేము ఫ్రేముగా గీయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో మా మేడ మీద ఆదివారాలు యానిమేషన్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు నేను మొదట ఇచ్చే పని ఒక్కటే. రోట్లో ఎండుమిరపకాయలు దంచుతున్న స్త్రీని చేత్తో, ఫ్రేము ఫ్రేముగా గీసి, ఆ పోటు ఆగకుండా సాగేలా చూపించాలి. మనిషి నిలబడిన చోటు మారదు కనుక పని చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ రోకలికి బరువుంది, అది లేచే వేగం వేరు, పడే వేగం వేరు, దెబ్బ తగిలిన తరువాత శరీరం చేసే పని మరొకటి. అందువల్ల ఇందులో ఏ తప్పు చేసినా ఆడించి చూడగానే బయటపడుతుంది. ఏటా దాదాపు అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి సమాధానాలను ఒకచోట వ్రాసి పెడుతున్నాను. ఇక్కడి లెక్కలన్నీ 1920×1080 కాన్వాసు మీద సుమారు 770 పిక్సెళ్ల ఎత్తున్న మనిషికి సంబంధించినవి. రోకలి 240 పిక్సెళ్లు పైకి లేస్తుంది, అంటే నిజమైన మనిషి పక్కన చూస్తే సుమారు అర మీటరు.

ఆనియన్ స్కిన్‌లో ఎన్ని బొమ్మలు కనబడేలా పెట్టుకోవాలి?

ఆనియన్ స్కిన్ అంటే గీస్తున్న బొమ్మతో పాటు దాని వెనకటి, ముందటి బొమ్మలను మసకగా చూపే సదుపాయం. ముఖ్యమైన రెండు పోజుల మధ్య నింపే బొమ్మను, అంటే ఇన్‌బిట్వీన్‌ను గీసేటప్పుడు వెనక ఒకటి, ముందు ఒకటి చాలు. పూర్వం లైటు పెట్టె మీద పలుచని కాగితాలు ఒకదానిపై ఒకటి పరచి గీసినప్పుడు కూడా కంటికి స్పష్టంగా ఆనేవి రెండు మూడు కాగితాలే. ఇప్పుడు సాఫ్టువేరు పది బొమ్మల దాకా చూపగలదు కదా అని అన్నింటినీ తెరిచి కూర్చుంటే, ఏ గీత ఏ బొమ్మదో తెలియని గీతల గుట్ట మిగులుతుంది.

క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్టువేరులో అయితే టైమ్‌లైనులో ఆ లేయరు పక్కనున్న బల్బు గుర్తును నొక్కాలి. రంగులను, మసకను `Settings > Dockers > Onion Skins` లో మార్చుకోవచ్చు. నేను వెనకటి బొమ్మను ఎరుపులోను, రాబోయే బొమ్మను ఆకుపచ్చలోను ఉంచుతాను. మా ఊరి పిల్లలకు ఇది చెప్పడం తేలిక: పండిపోయినది ఎర్ర మిరప, పండవలసినది పచ్చి మిరప.

ఒక్క సందర్భంలో మాత్రం ఎక్కువ బొమ్మలు తెరుస్తాను. రోకలి అడుగున ఉండే ఇనుప పొన్ను మధ్యలో ప్రతి బొమ్మలోనూ ఒక చుక్క పెట్టి, అన్ని చుక్కలనూ ఒకేసారి చూస్తాను. ఆ చుక్కలు ఒక చక్కని దారిలో ఉన్నాయా, వాటి మధ్య ఎడం క్రమంగా పెరుగుతోందా తగ్గుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది. ఏ ఒక్క చుక్క దారి తప్పినా ఆ బొమ్మ దగ్గర రోకలి తుళ్ళిపడుతుంది.

ఈ పోటుకు కీ పోజులు ఎన్ని కావాలి?

కదలికను నిర్ణయించే ముఖ్యమైన పోజులు, అంటే కీలు మూడు, వాటితో పాటు ఒక బ్రేక్‌డౌన్. మొదటి కీ దెబ్బ: పొన్ను మిరపకాయలను తాకిన క్షణం. రెండవది కుదుపు: రోకలి అక్కడే ఆగిపోయింది, కానీ భుజాలు, నడుము ఇంకా కిందికి దిగాయి, మోకాళ్ళు కొద్దిగా వంగాయి. మూడవది శిఖరం: రోకలి పూర్తిగా పైకి లేచింది, మడమలు కాస్త ఎత్తుకున్నాయి, గడ్డం పైకి తిరిగింది.

చాలామంది రెండవదాన్ని వదిలేస్తారు. దెబ్బ తగిలిన క్షణంలోనే శరీరం కూడా ఆగిపోతే, ఆమె రోకలి పట్టుకున్నట్టు కాక, రోకలితో కలిపి ఒకే చెక్కలో చెక్కినట్టు ఉంటుంది.

బ్రేక్‌డౌన్ అంటే కుదుపుకూ శిఖరానికీ నడుమ శరీరం ఏ దారిన వెళ్ళిందో చెప్పే బొమ్మ. ఇందులో భుజాలూ మోచేతులూ ఇప్పటికే సగం పైకి వచ్చి ఉంటాయి, రోకలి మాత్రం ఎత్తులో మూడవ వంతే లేచి ఉంటుంది. రోకలి బరువైనదని చూసేవారికి చెప్పేది ఆ వెనకబాటే. బ్రేక్‌డౌన్‌ను రెండు కీలకు సరిగ్గా సగంలో గీస్తే అది ఉత్త ఇన్‌బిట్వీనే అవుతుంది, దానికంటూ వేరే పని ఉండదు.

సెకనుకు 24 ఫ్రేములు అంటే 24 బొమ్మలూ గీయాలా?

అక్కరలేదు. ఒక పోటుకు ఒక సెకను ఇచ్చాం కనుక 24 ఫ్రేములు ఉన్నాయి. వాటిలో 1వ ఫ్రేము నుంచి 20వ ఫ్రేము వరకు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతాము, అంటే 1, 3, 5 అంటూ 19 దాకా పది బొమ్మలు. రోకలి వేగంగా పడే 21, 22, 23, 24 ఫ్రేములకు మాత్రం వేటికవే నాలుగు బొమ్మలు. మొత్తం పద్నాలుగు. దెబ్బ 1వ ఫ్రేములో, కుదుపు 3లో, బ్రేక్‌డౌన్ 9లో, శిఖరం 17లో ఉంటాయి.

ఇన్‌బిట్వీన్‌ను ఎరుపు గీతకూ ఆకుపచ్చ గీతకూ సరిగ్గా మధ్యలో గీశాను. అయినా చెయ్యి ఎందుకు పొట్టిగా అయిపోయింది?

సరిగ్గా మధ్యలో గీయడమే కారణం. నన్ను అడిగే ప్రశ్నల్లో ఇదే అన్నిటికంటే ఎక్కువసార్లు వస్తుంది, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

ఆమె భుజం నుంచి మోచేతి వరకు 140 పిక్సెళ్ల పొడవు ఉందనుకోండి. దెబ్బ దగ్గర ఆ భాగం దాదాపు నిటారుగా కిందికి ఉంది, శిఖరం దగ్గర దాదాపు అడ్డంగా ముందుకు చాచి ఉంది. అంటే భుజం కేంద్రంగా మోచెయ్యి పావు వంతు చక్రం తిరిగింది. ఆనియన్ స్కిన్‌లో రెండు మోచేతులూ కనబడుతున్నాయి కనుక మన కన్ను వాటి మధ్య ఒక సరళరేఖను ఊహించుకుని, దాని మధ్యబిందువు దగ్గర కొత్త మోచేతిని పెడుతుంది. ఆ బిందువు భుజానికి 99 పిక్సెళ్ల దూరంలోనే ఉంటుంది. చేతిలో 41 పిక్సెళ్లు ఎవరో కోసుకుపోయినట్టు మాయమవుతాయి. ఆడించినప్పుడు చెయ్యి లోపలికి ముడుచుకుని మళ్ళీ సాగినట్టు కనబడేది ఇందువల్లనే. మోచెయ్యి నిజంగా ఉండవలసిన చోటు ఆ సరళరేఖకు 41 పిక్సెళ్లు బయట, చాపం మీద.

దీనికి మందు రెండు విధాలు. మొదటిది, ఇన్‌బిట్వీన్ మొదలుపెట్టకముందే వేరే లేయరు మీద భుజం కేంద్రంగా లేత నీలం రంగులో చాపం గీసుకుని, మోచేతుల స్థానాలన్నీ దాని మీదనే గుర్తించడం. భుజం కూడా కొద్దిగా కదులుతుంది కనుక అది కచ్చితమైన వృత్తం కాదు, కానీ దారి చూపడానికి అది చాలు. రెండవది, కాగితం రోజుల నుంచి వస్తున్న పద్ధతి. రెండు కాగితాలనూ మేకుల పట్టీ నుంచి తీసి, రెండు చేతుల బొమ్మలు ఒకదానిపై ఒకటి సరిపోయేలా తిప్పి పెట్టి, పైన మూడవ కాగితం వేసి ఆకారాన్ని గీసుకుంటారు. ఓపెన్‌టూంజ్ అనే యానిమేషన్ సాఫ్టువేరులో దీనికి `Shift and Trace` అనే సదుపాయం ఉంది. ఆనియన్ స్కిన్‌లో కనబడే రెండు బొమ్మలను మాత్రమే జరిపి, తిప్పి, దగ్గరకు చేర్చుకోవచ్చు, అసలు బొమ్మలు ఉన్నచోటే ఉంటాయి. ముఖం, పిడికిలి వంటి చోట్ల ఆకారం చెడకుండా ఉండటానికి నాకు ఇదే ఎక్కువగా ఉపయోగపడింది.

రోకలి పడుతోంది కానీ బరువు కనబడటం లేదు. దూదితో చేసినట్టు ఉంది.

పొన్ను చుక్కలను చూడండి. వాటి మధ్య ఎడం సమానంగా ఉంటే ఆ రోకలి పడటం లేదు, ఎవరో దాన్ని దింపుతున్నారు. మా పిన్ని దంచుతుండగా ఫోనులో వీడియో తీసుకుంటూ, దింపేటప్పుడు ఎంత బలం పెడుతుందో ఒకసారి అడిగాను. "దింపేదేముందిరా, ఎత్తడమే మన పని, దిగడం దాని పని" అంది. స్పేసింగ్ గురించి, అంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య ఉండే ఎడం గురించి, అంతకంటే పొందికగా చెప్పడం నాకు చేతకాదు.

అర మీటరు ఎత్తు నుంచి వదిలిన వస్తువు నేలను తాకడానికి సుమారు 0.32 సెకను పడుతుంది, అంటే దాదాపు 8 ఫ్రేములు. శిఖరం 17వ ఫ్రేములో, తరువాతి దెబ్బ 25వ ఫ్రేములో, అంటే లూపు తిరిగి వచ్చిన 1వ ఫ్రేములో ఉన్నది అందుకే. పడే వస్తువు దాటిన దూరం కాలపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 240 పిక్సెళ్ల పతనంలో రోకలి 19వ ఫ్రేముకు 15 పిక్సెళ్లు, 21కి 60, 22కి 94, 23కి 135, 24కి 184 పిక్సెళ్లు దిగి ఉండాలి. మొదటి రెండు ఫ్రేముల్లో కలిపి దిగినది 15, చివరి ఒక్క ఫ్రేములో దిగేది 56. ఆ తేడాయే బరువు.

చివరి నాలుగు బొమ్మలను ఒక్కో ఫ్రేముకు ఒకటిగా గీయడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడ కూడా రెండేసి ఫ్రేములు నిలిపితే 23 నుంచి దెబ్బ వరకు ఒకే గెంతులో 105 పిక్సెళ్లు పోతుంది, రోకలి మధ్యలో మాయమై కింద ప్రత్యక్షమవుతుంది.

ఎత్తేటప్పుడు లెక్క ఇంత కఠినం కాదు, ఎందుకంటే అక్కడ పని చేసేది కండరం. నేను వాడే ఎత్తులు ఇవి: 5వ ఫ్రేములో 8 పిక్సెళ్లు, 7లో 34, 9లో 80, 11లో 138, 13లో 190, 15లో 226, 17లో 240. ఇందులో ఒక చిన్న లాభం చూడండి. 15వ ఫ్రేములో రోకలి 226 పిక్సెళ్ల ఎత్తులో, 19లో 225 పిక్సెళ్ల ఎత్తులో ఉంది. శిఖరానికి అటూ ఇటూ రోకలి దాదాపు ఒకే ఎత్తులో తేలుతుంది కనుక, పైన ఒక్క క్షణం ఆగిందన్న భావన వేరే హోల్డు పెట్టకుండానే వస్తుంది.

సాఫ్టువేరు ఆనియన్ స్కిన్‌లో చూపేది స్థానాలనే, కాలాన్ని కాదన్న సంగతి మరచిపోకూడదు. రెండు ఫ్రేములు నిలిచే బొమ్మా, ఒక్క ఫ్రేము నిలిచే బొమ్మా అందులో ఒకేలా కనిపిస్తాయి. అందుకే 19 నుంచి 21కి ఉన్న 45 పిక్సెళ్ల ఎడం, 21 నుంచి 22కి ఉన్న 34 కంటే పెద్దదిగా కనబడి, రోకలి నెమ్మదించిందేమోనన్న అనుమానం కలిగిస్తుంది. మొదటిది రెండు ఫ్రేముల దూరం, రెండవది ఒక్క ఫ్రేము దూరం. చుక్కల పక్కన ఫ్రేము అంకె వేసుకుంటే ఈ పొరపాటు రాదు.

జడ, పైట ఎప్పుడు గీయాలి?

శరీరం పద్నాలుగు బొమ్మల్లోనూ కుదిరిన తరువాత, వేరే లేయరు మీద, మొదటి నుంచి చివరికి వరుసగా గీయాలి. వాటికి కీ పోజులు పెట్టి మధ్యవి నింపితే అవి తల పని తల చేస్తుంటే తమ పని తాము చేసుకుపోతున్నట్టు కనబడతాయి. తల దిగుతున్నప్పుడు జడ కొస ఇంకా పైకి పోతూ ఉండాలి. కుదుపు అయిన తరువాత మరొక రెండు బొమ్మల వరకు అది దిగుతూనే ఉండాలి. జడ పొడవును మాత్రం ప్రతి బొమ్మలో కొలుచుకోండి, వరుసగా గీస్తూ పోతే అది తెలియకుండానే పెరుగుతుంది. మా దగ్గర ఒక అబ్బాయి గీసిన జడ పద్నాలుగో బొమ్మకు మోకాలిని దాటింది.

ఫోను వీడియో మీద నేరుగా గీసుకోవచ్చా?

చూడటానికి తీసుకోండి, ప్రతి ఫ్రేమునూ దిద్దడానికి కాదు. దిద్దితే శిఖరం దగ్గరి తేలుడు, దెబ్బ దగ్గరి కుదుపు రెండూ పలుచబడి, మనిషి నీళ్ళలో దంచుతున్నట్టు ఉంటుంది. నేను వీడియో నుంచి తీసుకునేవి కీలు ఏ క్షణంలో వస్తున్నాయన్నదీ, ఆ క్షణంలో బరువు ఏ కాలి మీద ఉందన్నదీ మాత్రమే. ఫోను సాధారణంగా సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది కాబట్టి, వీడియోలో రెండు కీల మధ్య దూరం 20 ఫ్రేములైతే మన టైమ్‌లైనులో 16 అవుతుంది. ఈ మార్పిడి చేయకుండా ఫ్రేముకు ఫ్రేము లెక్కపెడితే పోటుకు నాలుగో వంతు ఎక్కువ సమయం పడుతుంది.

లూపు తిరిగిన ప్రతిసారీ చిన్న గతుకు వస్తోంది.

చివర మొదటి బొమ్మను మళ్ళీ పెట్టి ఉంటారు. 24వ ఫ్రేము తరువాత రావలసింది 1వ ఫ్రేమే, దాని నకలు 25లో ఉంటే దెబ్బ బొమ్మ ఒక్క ఫ్రేము అదనంగా నిలుస్తుంది. నకలు లేకపోయినా గతుకు వస్తుంటే ఆడించే పరిధి చివరి ఫ్రేము 24 గానే ఉందా అని చూడండి.

క్లీనప్ ఎప్పుడు మొదలుపెట్టాలి?

చిత్తుగా గీసిన రఫ్ బొమ్మలతోనే లూపును ఆడించి, ఇక మార్చవలసింది ఏమీ లేదని తేలిన తరువాత. నేను మొదట్లో ఒక చిన్న ప్రకటన పని ఒప్పుకున్నప్పుడు, రఫ్ బొమ్మలను పేజీ తిప్పినట్టు చూసి బాగానే ఉన్నాయనుకుని, నాలుగు రోజులు కూర్చుని అన్నిటికీ శుభ్రమైన గీత వేశాను. అప్పుడు ఆడించి చూస్తే రోకలి కంటే చేతులు ముందు దిగుతున్నాయి. స్పేసింగ్ మార్చాలంటే శుభ్రమైన గీతను సర్దడం కుదరదు, మళ్ళీ గీయాలి. ఆరు బొమ్మలు చెరిపేశాను.

రఫ్ మీద శుభ్రమైన గీత వేసే పద్ధతి ఏమిటి?

రఫ్ లేయరును 20 నుంచి 30 శాతం మాత్రమే కనబడేలా దించి, దాని పైన కొత్త లేయరు తీసుకోండి. ఇక్కడ చాలామంది ఒకచోట తికమకపడతారు. రఫ్ లేయరు ఆనియన్ స్కిన్ తెరిచే ఉండటంతో కాన్వాసు మీద ఒకేసారి ఐదారు మనుషులు కనిపిస్తారు. రఫ్ లేయరు బల్బును ఆర్పి, క్లీనప్ లేయరు బల్బును మాత్రమే వెలిగించండి. కింద ఆ ఫ్రేము రఫ్ బొమ్మ ఒక్కటి, పక్కన ఇప్పటికే శుభ్రం చేసిన బొమ్మలు, ఇవే కావలసినవి.

వరుసలో గీయకుండా ముందు దెబ్బ, శిఖరం, తరువాత బ్రేక్‌డౌన్, కుదుపు, ఆ తరువాతే మిగిలినవి శుభ్రం చేయాలి. 1 నుంచి 24 దాకా వరుసగా పోతే ముక్కు, దవడ ఒక్కో బొమ్మకు వెంట్రుకవాసి మారుతూ, చివరికి వేరే ఆమె దంచుతూ ఉంటుంది. రోలు కదలదు కనుక దాన్ని వేరే లేయరులో ఒక్కసారే గీసి పెట్టండి. రోకలి పొడవు పద్నాలుగు బొమ్మల్లోనూ ఒకటే ఉండాలి, కాబట్టి దాన్ని ఒకసారి శుభ్రంగా గీసి, నకలు తీసి, ప్రతి బొమ్మలో సరైన వాలుకు తిప్పి పెట్టుకుని, దాని మీద చేత్తోనే దిద్దుతాను. నకలునే ఉంచేస్తే తప్పు కాదు గానీ, తిప్పినప్పుడు గీత అంచులు మెత్తబడి, చేతి గీతల మధ్య అది అతికించినట్టు కనబడుతుంది.

క్లీనప్ తరువాత మనిషి ఊపిరి పీల్చినట్టు లావై సన్నబడుతోంది. పాదాలు వణుకుతున్నాయి.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. లావు కావడం, సన్నబడటం రఫ్ గీతలో నుంచి వస్తుంది. ముంజేతి అంచుకు రఫ్‌లో నాలుగైదు గీతలు ఉంటాయి, వాటి వెడల్పు సుమారు 10 పిక్సెళ్లు. ఒక బొమ్మలో బయటి గీతను, మరొక బొమ్మలో లోపలి గీతను ఎంచుకుంటే, చేతికి రెండు వైపులా కలిపి 20 పిక్సెళ్ల తేడా వస్తుంది. ఎప్పుడూ ఆ గుంపు నడిమి గీతనే తీసుకోండి. అనుమానం ఉన్నచోట మొదటి కీలో మణికట్టు వెడల్పును కొలిచి, అన్ని బొమ్మల్లోనూ సరిచూసుకోండి.

పాదాల వణుకు కదలని గీతను మళ్ళీ మళ్ళీ గీయడం వల్ల వచ్చేది. ఎంత జాగ్రత్తపరుడి చెయ్యి అయినా ఒక్క పిక్సెలు అటూ ఇటూ పోతుంది, పక్కన నిశ్చలంగా ఉన్న రోలు ఆ వణుకును ఇంకా ఎత్తి చూపుతుంది. మా ఎండాకాలంలో చెమట చెయ్యి టాబ్లెట్‌కు అంటుకుంటే అది మరీ ఎక్కువ. చేతికి వేసే రెండు వేళ్ళ తొడుగు దీనికి కొంత వరకు పనికివస్తుంది. వేళ్ళు నేలకు ఆనిన భాగాన్ని ఒక బొమ్మలో గీసి, మిగిలిన వాటిలో అదే గీతను నకలు పెట్టండి. మడమ శిఖరం దగ్గర లేస్తుంది కనుక దాన్ని మాత్రం గీయాలి. నకలు పెట్టిన గీతకూ గీసిన గీతకూ అతుకు చీలమండ దగ్గర కాక, పాదం మధ్యలో సాఫీగా ఉన్నచోట పడేలా చూసుకుంటే కనబడదు.

గీత శుభ్రంగానే ఉంది, కానీ రఫ్‌లో ఉన్న ఊపు పోయింది.

మొదట బ్రష్ స్మూతింగ్ చూడండి. `Stabilizer` ను బాగా పెంచి గీస్తే గీత నున్నగా వస్తుంది గానీ మలుపుల దగ్గర అడ్డదారి పడుతుంది. వంగిన మోచెయ్యి, పిడికిలి కణుపులు, గడ్డం, అన్నీ అరటికాయల్లా గుండ్రబడతాయి. నేను పొడవైన గీతలకు, అంటే చీర కుచ్చిళ్ళకూ రోకలికీ దాన్ని పెంచి, కీళ్ళ దగ్గర తగ్గిస్తాను.

ఆ తరువాత కుదుపు బొమ్మను రఫ్‌తో పక్కపక్కన పెట్టి పోల్చండి. రఫ్‌లో వీపు మెడ నుంచి నడుము దాకా ఒకే ఊపులో వంగి ఉంటుంది. క్లీనప్‌లో జాకెట్టు అంచు దగ్గర ఒకసారి, చీర మడత దగ్గర ఒకసారి ఆగి గీయడం వల్ల ఆ వంపు మూడు ముక్కలవుతుంది. అటువంటిచోట ముందు వీపు గీతను మెడ నుంచి నడుము వరకు ఒక్క ఊపులో లాగి, బట్టల అంచులను దాని మీద తరువాత వేసి, అక్కరలేని భాగాన్ని చెరిపేయండి. పద్నాలుగు బొమ్మల్లో దీన్ని తప్పకుండా చేయవలసినవి 1, 3, 17 ఫ్రేములవి. వేగంగా పోయే 22, 23, 24 ఫ్రేముల బొమ్మలు ఒక్కొక్కటి ఒక్క ఫ్రేమే నిలుస్తాయి కనుక, వాటి మీద అంత సమయం పెట్టనవసరం లేదు.